మా సందు రోడ్డు డైరీ: 139 టన్నులనుకున్న రాయి 195 ఎలా అయింది

సొంత చందాలతో వీధికి రాయి పరిపించి తారు వేయించుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ డైరీ రాస్తున్నాను. మాది శ్రీకాకుళం ఊరి చివర కాలనీలో ఒక ఇరుకు సందు. నేను బిల్డింగుల దగ్గర సైట్ సూపర్‌వైజర్‌ని. స్లాబుకి ఎన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అందుకే కాలనీవాళ్లు రోడ్డు లెక్క కూడా నాకే అప్పజెప్పారు. కాంక్రీటు అలవాటే నా కొంప ముంచింది. కాంక్రీటు పోసినంత మందమే ఉంటుంది, పోసేది కూడా ఘనపు మీటర్లలోనే. రోడ్డు రాయి అలా కాదు. కొనేది టన్నుల్లో, కొలిచేది మిల్లీమీటర్లలో, రోలర్ ఎక్కాక మందం దిగిపోతుంది.

అనుకున్న పని ఇది: కింద 150 మి.మీ. వెట్ మిక్స్ మెకాడమ్, అంటే నీళ్లు కలిపిన కంకర మిశ్రమం; పైన 30 మి.మీ. బిటుమినస్ కాంక్రీటు, అంటే తారు కలిపిన కంకర. రెండూ రోలర్ తొక్కాక మిగలాల్సిన మందాలే. ఈ ముక్కని ఎర్ర ఇంకుతో రాసుకుని ఉంటే తర్వాతి గొడవ సగం ఉండేది కాదు.

మొదటి దశ: టేపు పట్టడం

పాత లేఅవుట్ కాగితంలో మా సందు 500 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అంటే 6,000 చదరపు అడుగులు, సుమారు 557 చ.మీ. కాంట్రాక్టరు కొటేషన్ కూడా దీని మీదే వేశాడు. నేను నమ్మలేదు. 12 అడుగులు ఉన్నది కాగితంలోనే. తర్వాత ఒకరు అరుగు ముందుకు జరిపారు, ఇంకొకరు మెట్లు దింపారు, మధ్యలో మునిసిపల్ డ్రెయిన్ గోడ వచ్చింది.

1. సందు నడిమధ్య దారం కట్టి దాని వెంట పొడవు కొలిచాం. ఒక మలుపు ఉంది. అంచు పట్టుకుని కొలిస్తే లోపలి వైపు తక్కువ, బయటి వైపు ఎక్కువ వస్తుంది. నడిమి పొడవు 150 మీటర్లు.
2. ప్రతి 15 మీటర్లకి గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి, అక్కడ అడ్డంగా వెడల్పు కొలిచాం.
3. పక్కపక్క రెండు వెడల్పుల సగటుని 15తో గుణించి, అన్నీ కలిపాం.

వెడల్పులు మీటర్లలో వరసగా: 5.2, 3.6, 3.4, 3.3, 3.3, 3.5, 4.1, 3.4, 3.2, 3.2, 3.6. మధ్యలో 4.1 ఉన్నది మలుపు దగ్గర.

లెక్క తేలింది 531 చ.మీ. ఇక్కడ చిన్న మోసం ఉంది. సందు నోటి దగ్గర 5.2 మీటర్ల వెడల్పు ఉన్నమాట నిజమే కానీ, నాలుగడుగులు లోపలికి వేసేసరికే ఇరుకైపోతుంది. సరిగ్గా చెప్పాలంటే 4 మీటర్ల లోపే 3.6కి వచ్చేస్తుంది. నా సగటు మాత్రం ఆ వెడల్పుని 15 మీటర్ల పొడవునా నెమ్మదిగా తగ్గించుకుంటూ పోయింది. అందుకని మొదటి ముక్కని రెండుగా విడగొట్టాను. 4 మీటర్లకి 17.6 చ.మీ., మిగతా 11 మీటర్లకి 39.6 చ.మీ. వెరసి 57.2. అంతకుముందు అదే ముక్కకి 66 వేశాను. అంటే 15 మీటర్ల గుర్తులు మామూలు చోట సరిపోతాయి గానీ, వెడల్పు ఉన్నట్టుండి మారే చోట మారిన దగ్గరే ఇంకో గుర్తు పెట్టాలి.

తారు పడాల్సిన విస్తీర్ణం: 522 చ.మీ.

రాతి పొర తారు కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. తారు అంచు మట్టి మీద కూర్చుంటే బండి చక్రం ఎక్కినప్పుడల్లా బిస్కెట్టులా విరుగుతుంది. ఎడమ వైపు డ్రెయిన్ గోడ ఉంది కాబట్టి అటు అవసరం పడలేదు. కుడి వైపు 15 సెం.మీ. కలిపాను. 150 మీటర్ల పొడవుకి 22.5 చ.మీ.

రాయి పడాల్సిన విస్తీర్ణం: 545 చ.మీ. (కొంచెం సర్ది)

రెండో దశ: తవ్వకం, తప్పిపోయిన 50 టన్నులు

పాత గ్రావెల్ మీదే వేసేద్దామని సగంమంది అన్నారు. అలా చేస్తే రోడ్డు ఏడంగుళాలు లేస్తుంది, వర్షం నీరు గుమ్మాల్లోకి వస్తుంది. అందుకని 180 మి.మీ. తవ్వించాం. జేసీబీ ఒక పూటలో పని కానిచ్చేసింది. అడుగు చూస్తే క్యారమ్ బోర్డులా చదునుగా ఉంది. నాకు ముచ్చటేసింది.

మర్నాడు రోలర్ డ్రైవరు వచ్చి గుంట అంచున నిలబడి బీడీ వెలిగించుకున్నాడు. పెద్దాయన, ఎన్నో రోడ్లు చూసినవాడు.

“ఇలాగ సాపుగా తవ్వీసినారేటి బాబూ? మరి నీరు ఎటెల్తాది?”

“పైన రాయి వేసేటప్పుడు వాలు పెడతాం కదండీ,” అన్నాను.

“పెట్టండి. అయితే ఆ వాలంతా రాయితోనే కొనుక్కోవాల.”

ఆ మాట విన్నాక కూర్చుని లెక్క వేశాను. నీరు ఎడమ డ్రెయిన్‌లోకి పోవాలంటే 2.5 శాతం ఒకవైపు వాలు కావాలి. 3.4 మీటర్ల వెడల్పుకి ఒక అంచు ఇంకో అంచు కంటే 85 మి.మీ. ఎత్తుండాలి. అడుగు చదునుగా ఉంచి పైన మాత్రమే వాలు ఇస్తే, పల్లపు అంచున 150 మి.మీ. ఉన్న రాయి ఎత్తు అంచున 235 అవుతుంది. సగటున 42 మి.మీ. అదనం. 545 చ.మీ. మీద అది సుమారు 23 ఘ.మీ., కుదించాక బరువులో 50 టన్నులు. చందా పెట్టెలో అన్ని టన్నులు లేవు.

అడుగుకే 2.5 శాతం వాలు ఇచ్చేలా జేసీబీతో మళ్లీ గీయించాం. అడుగు, పై మట్టం రెండూ ఒకే వాలులో ఉంటే మందం అంతటా ఒకటే, మామూలు గుణకారం సరిపోతుంది. అడ్డంగా ఒక తిన్నని రీపర్ చెక్క పెట్టి, ఒక చివర 85 మి.మీ. దిమ్మె పెట్టి, పైన మట్టం పలక పెట్టి చూస్తే వాలు తెలిసిపోతుంది. వెడల్పు మారితే దిమ్మె ఎత్తు కూడా మార్చుకోవాలి.

మూడో దశ: వెట్ మిక్స్, నా సొంత తప్పు

ఘనపరిమాణం తేలిగ్గానే వచ్చింది. 545 × 0.15 = 81.75 ఘ.మీ. ఇక దాన్ని టన్నుల్లోకి మార్చాలి. సాంద్రత ఎంతో ఎవర్ని అడిగినా తలో మాట చెప్పారు. సరే, నేనే కొలుస్తానని 20 లీటర్ల పెయింటు బకెట్టు పట్టుకుని ప్లాంటుకి వెళ్లాను. తడిగా ఉన్న మిక్స్ నింపి, పై అంచుకి చెక్కతో గీసి, కాటా వేస్తే బకెట్టు బరువు పోను 34 కిలోలు. అంటే ఘనపు మీటరుకి 1.7 టన్నులు.

81.75 × 1.7 = 139 టన్నులు. ఆర్డరు పెట్టేశాను.

సందు ఇరుకని ఆరు చక్రాల టిప్పర్లు అడిగాం. 13 ట్రిప్పులు. వేబ్రిడ్జి చీటీలన్నీ తీగకి గుచ్చి పెట్టాను. జేసీబీ పరిచింది, కూలీలు సర్దారు, రోలర్ తొక్కింది. పదమూడో టిప్పరు ఖాళీ అయి వెళ్లిపోయాక చూస్తే రాయి 107 మీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇంకా 43 మీటర్లు ఎర్రమట్టి గుంట.

మొదట అందరూ అనుమానించింది ప్లాంటువాళ్లనే. కాటాలో కొట్టేశారన్నారు. నేనూ కాసేపు అలాగే అనుకున్నాను. ఒక ఖాళీ టిప్పరుని వేరే వేబ్రిడ్జి మీద ఎక్కించి చూస్తే, ఖాళీ బరువు చీటీలో ఉన్నంతే ఉంది. మందం ఎక్కువ వేశామేమో అని ప్రతి 10 మీటర్లకి పాతిన మేకులు చూశాం. సగటు 153 మి.మీ. 3 మి.మీ. ఎక్కువ పడింది, అడుగులో గతుకులున్నాయి కాబట్టి. ఆ మూడు మిల్లీమీటర్లు 43 మీటర్ల రోడ్డుని మింగలేవు.

తప్పు బకెట్టులో ఉంది. కొలత సరైనదే గానీ నేను కొలిచింది వదులుగా ఉన్న రాయిని. లెక్కలో వేసిన 150 మి.మీ. మాత్రం రోలర్ తొక్కాక ఉండే మందం. గట్టిపడ్డ మందాన్ని వదులు సాంద్రతతో గుణించాను. వదులు సాంద్రత వాడాలంటే మందం కూడా వదులుదే వేయాలి.

మళ్లీ లెక్క వేసిన తీరు:

1. తొక్కాక వెట్ మిక్స్ పొడి సాంద్రత ఘనపు మీటరుకి 2.2 టన్నులు. రోడ్డు అంచనాల్లో మామూలుగా తీసుకునే అంకె ఇదే. మా రాయికి అది వర్తిస్తుందో లేదో కింద పరీక్షించాను.
2. 81.75 × 2.2 = 180 టన్నులు. ఇది పొడి రాయి బరువు.
3. కాటాలో నీళ్లు కూడా తూగుతాయి. ప్లాంటు నుంచి వచ్చిన మిక్స్ కిలో తీసి పాత మూకుట్లో వేయిస్తే 952 గ్రాములు మిగిలింది. పోయిన 48 గ్రాములని 952తో భాగిస్తే తేమ 5 శాతం.
4. 180 × 1.05 = 189 టన్నులు. ఆర్డరు పెట్టాల్సింది ఇది.

మూడో మెట్టు చాలామంది మర్చిపోతారు. మేం డబ్బు కట్టేది టన్నుకి. 5 శాతం తేమ అంటే 189 టన్నుల్లో 9 టన్నులు నీళ్లు. అలాగని పొడి రాయి పంపమనడానికి లేదు, ఆ నీరు లేకపోతే రాయి కుదురుకోదు. రాత్రి వాన పడి తడిసిన కుప్ప నుంచి తెస్తే మాత్రం అదనపు నీటికి మనం డబ్బు కడుతున్నట్టే.

నా బకెట్టు వృథా పోలేదు. 1.7లో తేమ తీసేస్తే 1.62. 2.2ని 1.62తో భాగిస్తే 1.36. అంటే 150 మి.మీ. మిగలాలంటే వదులుగా 200 మి.మీ. పైన పరవాలి. కూలీలకి చెప్పాల్సిన కొలత ఇదే. నా సంగతి తెలియక వాళ్లు మొదట్నుంచీ రోలర్ డ్రైవరు చెప్పిన “జానెడు మందం” ప్రకారం పరుస్తున్నారు. అది 20 సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే మందం సరిగ్గా వచ్చింది, టన్నులే చాలలేదు.

ఇప్పటిదాకా: రాయి 139 టన్నులు, పూర్తయింది 107 మీటర్లు, 397 చ.మీ.
ఇంకా కావాల్సింది: 148 చ.మీ. × 0.153 × 2.2 × 1.05 = 52 టన్నులు.

మిగిలిన ముక్కకి 150 వేయకుండా 153 వేశాను. మొదటి ముక్కలో గతుకులు తిన్నంత రెండో ముక్కలోనూ తింటాయి.

నాలుగో దశ: ఇసుక పోసి చూడటం

2.2 అన్నది కాగితం మీది అంకె. మా సందులో రాయి అంత గట్టిపడిందా? తెలిసిన ఒక ల్యాబు నుంచి ఇసుక సిలిండరు, ప్లేటు ఒక రోజుకి అడిగి తెచ్చాను. 30 మీటర్ల దగ్గర చేసిన కొలత ఇలా సాగింది.

1. ప్లేటు పెట్టి 20 సెం.మీ. వెడల్పు గుంట, పొర అడుగు దాకా తవ్వాం. ఒక్క రాయి కూడా పక్కకి పడకుండా ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తాం. బరువు 10.70 కిలోలు.
2. సిలిండరులోంచి ఇసుక వదిలి గుంట నింపాం. కింది గరాటులో ఉండిపోయే ఇసుక తీసేయగా గుంటలోకి వెళ్లింది 6.80 కిలోలు. గరాటు ఇసుక తీసేయడం మర్చిపోతే గుంట పెద్దదనిపిస్తుంది, సాంద్రత తక్కువ చూపిస్తుంది.
3. ఆ ఇసుక లీటరుకి 1.45 కిలోలు. 6.80 ÷ 1.45 = 4.69 లీటర్ల గుంట.
4. 10.70 ÷ 4.69 = 2.28. ఆ రోజుకి తేమ 4 శాతం. 2.28 ÷ 1.04 = 2.19.

ఈ మిక్స్‌కి ల్యాబులో వచ్చిన గరిష్ఠ పొడి సాంద్రత 2.22. అందులో 98 శాతం రావాలని నిబంధన. మాకు 98.6 వచ్చింది. కాగితపు 2.2 మా రాయికి సరిపోయినట్టే. అయితే రాయిని బట్టి ఇది మారుతుంది. మన జిల్లాల కొండల్లో నల్లటి చార్నొకైటూ ఉంది, ఎర్రబారిన ఖొండలైటూ ఉంది. చార్నొకైటు బరువైనది, గట్టిది. ఖొండలైటు చివికిందయితే చేత్తో నలిపినా పొడి రాలుతుంది, దాన్ని బేసుకి ఒప్పుకోకూడదు. క్రషర్ మారితే సాంద్రత మళ్లీ కొలుచుకోవాలి.

రెండో గుంట 55 మీటర్ల దగ్గర తీశాం. 2.04. నాలుగుసార్లు లెక్క చూసుకున్నా అదే. 92 శాతం. మందం మేకు చూస్తే 152 మి.మీ., అన్నీ బాగున్నట్టే ఉన్నాయి.

రోలర్ డ్రైవర్ని అడిగితే నసిగాడు. తర్వాత చెప్పాడు. ఆ ముక్కలో పాత పెంకుటింటి పెద్దావిడ బయటికొచ్చి, “బాబూ, గోడలదిరిపోతన్నాయి, అటక మీద సామాన్లు పడిపోతాయి, ఆ గుడగుడ ఆపీమనండి” అందట. ఆయన వైబ్రేషన్ ఆపేసి 45 నుంచి 65 మీటర్ల దాకా ఉత్త బరువుతోనే తొక్కాడు. ఆవిడ తప్పేం లేదు, ఆ గోడ మట్టిది. తప్పు నాది. వైబ్రేషన్ లేకుండా రోలర్ ఉత్త బరువు 100 మి.మీ. మందం దాకానే పనిచేస్తుంది. 150 పొరలో పైభాగం బిగిసి, అడుగు వదులుగా ఉండిపోయింది. పైన నడిస్తే తేడా తెలియదు.

అలాగే వదిలేసి తారు వేస్తే? 150 మి.మీ. పొర 2.04 నుంచి 2.19కి బిగిస్తే సుమారు 10 మి.మీ. దిగుతుంది. ఆ దిగడం తర్వాత గ్యాసు బండి చక్రాల కింద దిగుతుంది, పైన 30 మి.మీ. తారుతో సహా. మందం కొలిచేవాడికి ఈ జబ్బు కనపడదు, తూచేవాడికే కనపడుతుంది. ఆ 20 మీటర్లలో ఉండాల్సిన రాయి కంటే టన్నున్నర తక్కువ ఉంది.

ఆ ముక్కంతా గునపాలతో కదిలించి సగం పక్కకి తీసి, 75 మి.మీ. చొప్పున రెండు పొరలుగా, నీళ్లు చల్లుకుంటూ, వైబ్రేషన్ లేకుండా తొక్కించాం. పైన పలచగా రాయి చల్లి మట్టం సరిచేద్దామని ఒక మేస్త్రి సలహా ఇచ్చాడు, నేను ఒప్పుకోలేదు. 10 మి.మీ. పొర 40 మి.మీ. రాళ్ల మీద నిలవదు, పొట్టులా లేస్తుంది. రెండ్రోజుల తర్వాత కొలిస్తే 2.18.

52 టన్నులకి దీనికోసం 2 టన్నులు, ఇంకో 2 చేతికింద ఉంచుకోవడానికి కలిపి 56 తెప్పించాం. ఐదు ట్రిప్పులు.

ఇప్పటిదాకా: రాయి 195 టన్నులు, 150 మీటర్లు పూర్తి. రెండు టన్నుల పైచిలుకు మిగిలితే గేట్ల ముందు ర్యాంపులకి వేసేశాం.

ఐదో దశ: ప్రైమ్, టాక్

దీని గురించి చెప్పేదేం లేదు. కంప్రెసర్‌తో దుమ్ము ఊదించి, రాతి పొర మీద చల్లే పల్చటి తారు ద్రవం, అంటే ప్రైమ్ కోటు ఎమల్షన్, చ.మీ.కి 0.8 కిలో చొప్పున, 522 చ.మీ.కి సుమారు 420 కిలోలు. ఆరాక, తారు వేసే రోజు పొద్దున, పై తారు అతుక్కోవడానికి టాక్ కోటు చ.మీ.కి 0.25 కిలో, 130 కిలోలు. టాక్ చల్లినప్పుడు చాక్లెట్ రంగులో ఉంటుంది, నల్లబడేదాకా దాని మీద మిక్స్ వేయకూడదు. ఒక కుక్క మొత్తం పొడవునా నడిచి, ఆ కాళ్లతోనే మూడిళ్ల అరుగులెక్కింది.

ఆరో దశ: తారు, సుద్ద గీతలు

ఈసారి ఆర్డరు పెట్టే ముందే సాంద్రత గట్టిపడ్డదేనా అని రెండుసార్లు అడిగాను. ప్లాంటు మిక్స్ డిజైను కాగితంలో ల్యాబు సాంద్రత 2.40 ఉంది. రోడ్డు మీద అంత రాదు, 2.35 తీసుకున్నాను.

```
522 × 0.030 = 15.66 ఘ.మీ.
15.66 × 2.35 = 36.8 టన్నులు
5% అదనం      = 38.6 → ఆర్డరు 39 టన్నులు
```

దీన్ని ఇంకోలా గుర్తుపెట్టుకోవచ్చు. ఒక చ.మీ. మీద ఒక్క మిల్లీమీటరు తారు 2.35 కిలోలు. 30 మి.మీ.కి 70.5 కిలోలు. ఈ ఒక్క అంకె జేబులో ఉంటే, ప్రతి లారీ ఎక్కడిదాకా రావాలో ముందే చెప్పొచ్చు. లారీకి 9.75 టన్నులు అనుకుంటే 138 చ.మీ. రావాలి. నా వెడల్పుల పట్టీ ప్రకారం మొదటి లారీ 38 మీటర్ల దగ్గర అయిపోవాలి. గోడ మీద అక్కడ సుద్దతో అడ్డగీత గీసి “1” అని రాశాను.

మొదటి లారీ 9.8 టన్నులు. 32 మీటర్ల దగ్గరే ఖాళీ అయిపోయింది. పడింది 118 చ.మీ. అంటే చ.మీ.కి 83 కిలోలు, 35 మి.మీ. మందం. ఇలాగే పోతే నాలుగో లారీ అయ్యేసరికి చివర పదిహేను మీటర్లు రాయి తేలి ఉంటుంది. ఒకసారి ఆ అవమానం చూశాను, రెండోసారి వద్దు.

తారు పరిచే యంత్రం పేవర్ని ఆపించి చూస్తే కారణాలు రెండు. సందు నోటి దగ్గర వెడల్పు భాగం పేవర్‌కి అందక కూలీలు చేత్తో వేశారు, చేత్తో వేసేవాడు ఎప్పుడూ కొంచెం ఎక్కువే వేస్తాడు. రెండోది, మందం సర్దే పలక, అంటే పేవర్ స్క్రీడ్‌ని వదులు మందం 42 మి.మీ.కి పెట్టారు. 30 మిగలాలంటే వదులుగా 36 నుంచి 38 చాలు. వాళ్లు వేరే రోడ్డు మీద 35 మి.మీ. పని చేసి వచ్చారు, సెట్టింగు మార్చలేదు. స్క్రీడ్ దించాక:

- రెండో లారీ 9.6 టన్నులు, 134 చ.మీ., చ.మీ.కి 71.6 కిలోలు
- మూడో లారీ 9.7 టన్నులు, 137 చ.మీ., 70.8 కిలోలు

ఇప్పటిదాకా: 29.1 టన్నులు, 389 చ.మీ. మిగిలింది 133 చ.మీ., దానికి 9.4 టన్నులు కావాలి.

నాలుగో లారీ ఇంకా ప్లాంటు దగ్గరే ఉంది. ఫోన్ చేసి 9.9 కాకుండా తొమ్మిదిన్నరే ఎక్కించమన్నాను. నేను పెట్టుకున్న 5 శాతం అదనం దాదాపు మొత్తం మొదటి లారీలోనే కరిగిపోయింది. అది లేకపోతే ఇక్కడ మళ్లీ ఆగిపోయేవాళ్లం. ఇంకో అర లారీ కోసం ప్లాంటు వేడి చేయరు, చేసినా వేసిన తారు చల్లారి మధ్యలో అతుకు పడుతుంది.

నాలుగో లారీ దారిలో రైలు గేటు పడి, తర్వాత పెళ్లి ఊరేగింపు తగిలి, ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. మిక్స్‌లో థర్మామీటరు గుచ్చితే మధ్యలో 146 డిగ్రీలు, అంచుల్లో 120. విజి-30 రకం తారుకి పరిచేటప్పుడు కనీసం 140 ఉండాలి. మధ్యది పేవర్‌తో పోయింది. లారీ అడుగునా అంచులా గడ్డకట్టిన మిక్స్ చివరి 8 మీటర్లకి వచ్చింది. ఆపుదామన్నాను. “అయిపోనీయండి, చివరే కదా” అన్నారు. అప్పటికి సాయంత్రమైంది, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

మొత్తం: తారు 38.6 టన్నులు, 522 చ.మీ.

ఏడో దశ: మూడు కోర్లు

మర్నాడు కోర్ కటింగ్ మెషీనుతో మూడు ముక్కలు తీయించాను. ప్రతి ముక్క మందం కొలిచి, గాల్లో ఒకసారి నీళ్లలో ఒకసారి తూచి సాంద్రత తీశాం.

- 20 మీటర్ల దగ్గర: మందం 35 మి.మీ., సాంద్రత 2.36. చ.మీ.కి 82.6 కిలోలు.
- 90 మీటర్ల దగ్గర: మందం 30 మి.మీ., సాంద్రత 2.33. చ.మీ.కి 69.9 కిలోలు.
- 146 మీటర్ల దగ్గర: మందం 32 మి.మీ., సాంద్రత 2.19. చ.మీ.కి 70.1 కిలోలు.

కమిటీలో మూడో ముక్క చూసి సంతోషించారు. 30 అడిగితే 32 వచ్చిందన్నారు. రెండో దానితో పోల్చి చూపించాను. రెంటిలోనూ చదరపు మీటరుకి పడ్డ తారు 70 కిలోలే. మూడోది రెండు మిల్లీమీటర్లు మందంగా ఉన్నది ఎక్కువ వేసినందుకు కాదు, చల్లారిన మిక్స్ రోలర్‌కి లొంగలేదు. ఆ రెండు మిల్లీమీటర్లూ గాలే. ముక్కని విరిచి చూస్తే వేలిగోరు దూరేంత సందులున్నాయి.

ఆ చివరి 8 మీటర్లు, సుమారు 28 చ.మీ., కోసి మళ్లీ వేయాలంటే 2 టన్నుల మిక్స్ కావాలి. రెండు టన్నుల కోసం ప్లాంటువాళ్లు లారీ పంపలేమన్నారు. పక్క వీధిలో పని పడినప్పుడు దాంతో కలిపి తెచ్చుకోవాలి. అప్పటిదాకా ఎమల్షన్ పూసి, మీద సన్న డస్టు చల్లి రుద్దించాను, నీరు దిగడం కొంతైనా తగ్గుతుందని.

మొన్న సాయంత్రం గాలివాన వచ్చి అరగంటలో వెలిసింది. పొద్దున్నే వెళ్లి చూశాను. సందంతా ఆరిపోయి బూడిద రంగులోకి వచ్చింది. 142వ మీటరు నుంచి చివరిదాకా మాత్రం ఇంకా నల్లగా తడిగానే ఉంది. చెప్పు మడమతో నొక్కితే చుట్టూ నీటి బుడగలు లేచాయి.